ఉద్యోగం మారితే కంపెనీ ఆపగలదా? నాన్-కాంపీట్, నోటీస్ పీరియడ్ షరతుల్లో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీ కావచ్చు, మిర్యాలగూడలో గోల్డ్ లోన్ బ్రాంచ్ కావచ్చు, నల్లగొండలో కోచింగ్ సెంటర్ కావచ్చు. చేరే రోజున అపాయింట్‌మెంట్ ఆర్డర్ కింద సంతకం పెట్టమంటారు. అప్పుడు ఎవరూ పూర్తిగా చదవరు. రెండేళ్ల తర్వాత పక్క కంపెనీ నుంచి ఇంకో ఐదు వేలు ఎక్కువ జీతంతో పిలుపు వస్తే అప్పుడు ఆ కాగితం గుర్తొస్తుంది. "ఉద్యోగం మానేశాక ఏడాది వరకు పోటీ కంపెనీలో చేరరాదు" అని అందులో రాసి ఉంటుంది. ఇంట్లో అమ్మీ, అబ్బా భయపడతారు. సంతకం పెట్టి వాదా చేశాం కదా, ఇప్పుడు తప్పితే కేసు పెడతారేమో అని.

ఇక్కడ రెండు షరతులను వేరుగా చూడాలి. మానేసే ముందు ఇన్ని రోజులు పనిచేయాలి అనేది నోటీస్ పీరియడ్. మానేసిన తర్వాత ఫలానా చోట చేరరాదు అనేది నాన్-కాంపీట్. కాగితం మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి గానీ, చట్టం వాటిని ఒకేలా చూడదు.

మానేశాక కట్టడి చెల్లదు

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం, ఒక మనిషి తన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో సహా అమ్మేసినవారికి మాత్రమే ఆ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. జీతానికి పనిచేసేవాళ్లకు అది వర్తించదు. "ఆరు నెలలే కదా", "మన రెండు జిల్లాల్లోనే కదా" అని కంపెనీ చెప్పినా షరతుకు బలం రాదు.

ఈ సెక్షన్ మీద వచ్చిన ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి క్రికెటర్ జహీర్ ఖాన్‌ది. పర్సెప్ట్ డీమార్క్ అనే సంస్థతో ఆయనకు 3 ఏళ్ల ఒప్పందం ఉండేది. గడువు 2003లో అయిపోయాక ఆయన ఇంకో సంస్థకు వెళ్లారు. కొత్త ఆఫర్ వస్తే ముందు తమకు చెప్పి, అంతే మొత్తం ఇచ్చే అవకాశం తమకే ఇవ్వాలన్న షరతు ఉందని పాత సంస్థ కోర్టుకు వెళ్లింది. గడువు ముగిశాక కూడా మనిషిని కట్టిపడేసే షరతు సెక్షన్ 27 కింద చెల్లదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ఆయన ఉద్యోగి కాదు, కానీ ఉద్యోగుల విషయంలోనూ కోర్టులు ఇదే సూత్రం పాటిస్తాయి.

ఉద్యోగంలో ఉండగా సంగతి వేరు

ఒప్పందం నడుస్తున్నప్పుడు పెట్టే కట్టడి చెల్లుతుంది. సెంచురీ స్పిన్నింగ్ కంపెనీలో 5 ఏళ్ల ఒప్పందం మీద చేరిన ఒక ఉద్యోగి మధ్యలోనే వదిలి పోటీ కంపెనీలో చేరాడు. ఆ 5 ఏళ్లు పూర్తయ్యేదాకా అలాంటి పని ఇంకెక్కడా చేయరాదన్న ఉత్తర్వును సుప్రీంకోర్టు 1967లో సమర్థించింది. కాబట్టి రాజీనామా ఇవ్వకుండానే లేదా నోటీస్ రోజులు నడుస్తుండగానే కొత్త కంపెనీలో హాజరు వేసుకోవడం ప్రమాదం.

ఇక బాండ్ విషయం. విజయా బ్యాంక్‌లో ఒక సీనియర్ మేనేజర్ 3 ఏళ్లు నిండకముందే, 2009లో, ఐడీబీఐ బ్యాంక్‌కు వెళ్లాడు. షరతు ప్రకారం 2 లక్షలు కట్టి, ఆ షరతే తప్పని కోర్టుకెక్కాడు. హైకోర్టు ఆయన వైపు చెప్పినా, 2025 మేలో సుప్రీంకోర్టు బ్యాంకు వైపు తీర్పు ఇచ్చింది. ఆ షరతు ఇంకో చోట చేరకుండా ఆపలేదని, తొందరగా వెళ్తే డబ్బు కట్టమందని, ఆ హోదా జీతానికి 2 లక్షలు మరీ ఎక్కువేమీ కాదని చెప్పింది. ప్రభుత్వ బ్యాంకు మళ్లీ దేశమంతా నియామక ప్రక్రియ నడపాల్సిన ఖర్చును కూడా లెక్కలోకి తీసుకుంది.

అంటే ప్రతి బాండూ చెల్లుతుందని కాదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, రాసిన మొత్తం పైపరిమితి మాత్రమే. దానికి లోబడి న్యాయమైన పరిహారాన్నే కోర్టు ఇప్పిస్తుంది. ఏ ట్రైనింగూ ఇవ్వకుండా 15 వేల జీతగాడికి 3 లక్షల బాండ్ రాయించుకుంటే, అంత డబ్బు ఎందుకు న్యాయమో కోర్టులో చెప్పడం కంపెనీకి కష్టమే.

నోటీస్ లెక్క ఇలా వేసుకోవాలి

ఒక ఉదాహరణ చూద్దాం. నల్లగొండలో ఒక మెడికల్ రెప్‌కు గ్రాస్ జీతం నెలకు 24,000, అందులో బేసిక్ 12,000. ఆర్డర్‌లో 60 రోజుల నోటీస్, లేదా తక్కువైన రోజులకు జీతం కట్టాలి అని ఉంది. ఏడాది పాటు పోటీ కంపెనీలో చేరరాదనీ ఉంది. కొత్త కంపెనీ 25 రోజుల్లో రమ్మంది. తక్కువైనవి 35 రోజులు.

గ్రాస్ మీదైతే రోజుకు 800 చొప్పున 28,000 కట్టాలి. బేసిక్ మీదైతే రోజుకు 400 చొప్పున 14,000. తేడా సగానికి సగం. అందుకే ఆర్డర్‌లో ఏ మాట రాసుందో ముందు చూడాలి. మిగిలిన సెలవులను నోటీస్ రోజుల్లో కలుపుకోవచ్చని ఉంటే ఇంకా తగ్గుతుంది. ఈ డబ్బు మీద జీఎస్టీ కూడా అడిగితే ఒప్పుకోనక్కర్లేదు. నోటీస్ పే మీద జీఎస్టీ లేదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టులో స్పష్టం చేసింది.

ఆ డబ్బు కట్టేస్తే నోటీస్ షరతు తీరినట్టే. ఏడాది కట్టడి సెక్షన్ 27 ముందు నిలవదు. మనిషి వద్దన్నాక బలవంతంగా పని చేయించమని కూడా కోర్టు చెప్పదు, కంపెనీ అడగగలిగేది పరిహారమే.

కేసు నిజంగా ఎక్కడ తగులుకుంటుంది

చాలామంది చిక్కుకునేది కొత్త ఉద్యోగంలో చేరినందుకు కాదు, పాత చోటు నుంచి ఏదో తీసుకెళ్లినందుకు. కస్టమర్ల లిస్టు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోవడం, రేట్ల ఫైలు సొంత మెయిల్‌కు పంపుకోవడం, ఫార్ములా కాగితాలు ఫొటో తీసుకోవడం లాంటివి. గోప్యత షరతు ఉద్యోగం మానేశాక కూడా చెల్లుతుంది. అది కంపెనీ మన దగ్గర పెట్టిన అమానత్ లాంటిది. అయితే పని చేస్తూ నేర్చుకున్న నైపుణ్యం మనిషి సొంతం. కంపెనీ సమాచారం తెలుసన్న ఒక్క కారణంతో ఉద్యోగి మంచి అవకాశం వెతుక్కోకుండా ఆపలేమని అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంక్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2006లో చెప్పింది.

మానేసేటప్పుడు

రాజీనామా మెయిల్‌లో ఇవ్వాలి, చివరి పని రోజు తేదీ రాయాలి. నోటితో చెప్పిన రాజీనామాకు రుజువు ఉండదు. ల్యాప్‌టాప్, ఐడీ కార్డు, శాంపిళ్లు అప్పగించి సంతకం తీసుకోవాలి. రిలీవింగ్ లెటర్ ఆపితే రాతపూర్వకంగా అడగాలి. కొత్త కంపెనీకి ఆ మెయిల్, జీతం స్లిప్పులు కొంతవరకు పనికొస్తాయి.

చేరేటప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఖాళీ చెక్కు ఇవ్వకపోవడం మంచిది. ఇప్పటికే ఇచ్చిన చెక్కు బౌన్స్ అయి నోటీసు వస్తే పక్కన పడేయొద్దు, అందిన 15 రోజుల్లోపే వకీలును కలవాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల న్యాయసేవాధికార సంస్థల్లో మహిళలు, కార్మికులు లాంటి వర్గాలకు ఆదాయంతో పనిలేకుండా, మిగతావాళ్లకు ఆదాయ పరిమితిని బట్టి ఉచితంగా వకీలును ఇస్తారు. వెళ్లేటప్పుడు అపాయింట్‌మెంట్ ఆర్డర్, రాజీనామా మెయిల్ కాపీ పట్టుకెళ్లాలి.