గుర్రాల గుత్త హక్కు: విజయనగరం, గోవాల మధ్య బేరసారాలు (1510–1548)

విజయనగర సైన్యాన్ని గురించి చదివినప్పుడు గజబలం, అశ్వబలం అనే మాటలు మీకు తరచుగా ఎదురై ఉంటాయి. ఏనుగులు మన అడవుల్లోనే దొరికేవి. మేలుజాతి గుర్రాలు మాత్రం అరేబియా, పర్షియాల నుంచి ఓడల్లో రావలసిందే. దక్కన్ వాతావరణంలో అవి సరిగా వృద్ధి చెందేవి కావు. అందువల్ల ఒకసారి కొంటే తీరే అవసరం కాదిది. ఏటేటా కొనవలసి వచ్చేది.

పోర్చుగీసువారు రాకముందు ఈ గుర్రాలను అమ్మే వర్తకులు అనేకులు. సాళువ నరసింహుడు వెయ్యి పరదాలకు మూడు గుర్రాల చొప్పున కొనేవాడనీ, సముద్రంలో చనిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపినా సొమ్ము చెల్లించేవాడనీ నూనిజ్ వ్రాశాడు. ఇందులో కొంత అతిశయోక్తి ఉండవచ్చు. అయినా ఒక సంగతి గమనించండి. ప్రయాణంలో కలిగే నష్టాన్ని కొనేవాడే భరించి, వర్తకులను తన రేవులకు రప్పించుకున్నాడు.

1510 నవంబరులో అల్బుకర్క్ గోవాను రెండవసారి, ఈసారి శాశ్వతంగా, పట్టుకున్నాడు. 1515లో హోర్ముజ్ కూడా పోర్చుగీసు అధీనంలోకి వచ్చింది. గుర్రాలు ఓడ ఎక్కే రేవు, అవి దిగే రేవు రెండూ ఒకరి చేతిలోనే ఉన్నాయి. సముద్రంపై తిరిగే ఓడలు వారి అనుమతి పత్రం తీసుకోవలసి వచ్చింది. అమ్మకందారు దాదాపు ఒక్కడే అయ్యాడు.

శ్రీకృష్ణదేవరాయలకు కావలసింది గుర్రాలు మాత్రమే కాదు. దూరదేశాల నుంచి ఏనుగులను, మంచి గుర్రాలను తెచ్చే వర్తకులను ఆదరించి, అవి శత్రువులకు చేరకుండా చూడాలని ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగం చెబుతుంది. ఇక్కడ శత్రువు అంటే ప్రధానంగా బీజాపూరు ఆదిల్ షా అని అనుకోవచ్చు. అంటే రాయలు రెండు వస్తువులకు బేరమాడుతున్నాడు: తనకు గుర్రాలు రావడం, ఆదిల్ షాకు రాకపోవడం. ఈ రెండవదానికి ధర కట్టడం కష్టం. అమ్మకందారుకు బలం చేకూర్చింది కూడా ఇదే.

బేరం ఎలా మారిందో చూడండి. 1510 తొలి నెలల్లో, గోవా ఇంకా చేతికి రాకముందు, అల్బుకర్క్ ఫ్రే లూయీస్ అనే సన్యాసిని విజయనగరానికి పంపాడు. కాలికట్‌పై యుద్ధంలో సాయపడితే హోర్ముజ్ గుర్రాలను భట్కల్‌కు, లేదా రాయలు కోరిన రేవుకు మాత్రమే పంపుతామని, ఆదిల్ షాకు పోనివ్వమని కబురు. అప్పుడు అవసరం అల్బుకర్క్‌ది. రాయలు స్పష్టమైన జవాబు ఇవ్వలేదు. 1514 నాటికి పరిస్థితి తలకిందులైంది. గుర్రాలు కొనే ప్రత్యేక హక్కుకు రాయలే పెద్ద మొత్తం ఇవ్వజూపితే అల్బుకర్క్ నిరాకరించాడు.

కొద్దికాలానికి రాయలు మళ్లీ అడిగాడు. ఆ సంగతి తెలిసి ఆదిల్ షా కూడా గోవాకు రాయబారులను పంపాడు. అప్పుడు అల్బుకర్క్ రెండు చోట్లకూ ఉత్తరాలు వ్రాశాడు. గుర్రాలన్నింటినీ ముందుగా కొనే అవకాశం కావాలంటే రాయలు ఏడాదికి 30,000 క్రుజాడోలు, అంటే పోర్చుగీసు బంగారు నాణేలు, చెల్లించాలి. గోవాకు తన మనుషులను పంపి గుర్రాలను తోలుకుపోవాలి. ఆదిల్ షాకూ అదే అవకాశం ఇస్తానన్నాడు. ప్రతిఫలంగా గోవా ద్వీపానికి ఎదురుగా ఉన్న నేలలో కొంత అడిగాడు. ఒకే హక్కును ఇద్దరికి చూపి, ఒకరి నుంచి సొమ్ము, మరొకరి నుంచి భూమి రాబట్టాలన్నది ఎత్తు. ఏదీ తేలకముందే, 1515 డిసెంబరులో అతడు మరణించాడు.

ఒప్పందం కాగితం మీదికి వచ్చింది 1547లో. అప్పటికి సింహాసనంపై సదాశివరాయలు, అధికారం అళియ రామరాయల చేతిలో. గవర్నరు జొవావ్ ద కాస్ట్రోతో కుదిరిన ఈ సంధి ప్రకారం గోవాలో దిగే అరబ్బీ, పారశీక గుర్రాలు విజయనగరానికే. ఆదిల్ షాకు అమ్మరాదు. మరి విజయనగరం ఏమిచ్చింది? ఆరోగ్యంగా ఉన్న గుర్రాలన్నింటినీ కొనాలి. తన వర్తకుల సరుకు పోర్చుగీసువారు కొనే రేవులకు పంపించాలి. సురేకారం, ఇనుము బీజాపూరుకు పోనివ్వరాదు. ముస్లిం వర్తకుల ఓడలను తన రేవుల్లో ఆగనివ్వరాదు.

చివరి షరతును మరోసారి చదవండి. గోవాకు పోటీగా భట్కల్ వంటి రేవులకు గుర్రాలు తేగల వర్తకులు ఎవరైనా మిగిలి ఉంటే, వారు ఎక్కువగా ఆ ఓడల్లోనే ఉండేవారు. ప్రత్యేక హక్కు కోసం విజయనగరం తన చేతిలోని ప్రత్యామ్నాయాన్నే వదులుకుంది. పైగా గోవాలో ఏ గుర్రం ఎవరికి అమ్ముడైందో లెక్క చూసే అధికారం రాయల మనుషులకు ఉండాలన్న షరతు ఈ ముఖ్యాంశాల్లో కనిపించదు. దభోల్ రేవు ఆదిల్ షా చేతిలోనే ఉంది.

కాస్ట్రో 1548 జూన్‌లో మరణించాడు. అదే ఏడాది పోర్చుగీసువారు ఆదిల్ షాతోనూ సంధి చేసుకున్నారు. గోవాను ఆనుకొని ఉన్న బార్దేశ్, సాష్టి ప్రాంతాలు అతడి నుంచి వారికి ఖాయమయ్యాయి. అల్బుకర్క్ ముప్పైమూడేళ్ల క్రితం అడిగింది గోవా ఎదుటి నేలనే.