నమూనా పరిమాణ సమర్థన (విద్యార్థి సర్వేలు)

నమూనా పరిమాణ సమర్థన అంటే ఎంతమందిని ప్రశ్నించారు, వారిని ఎలా ఎంచుకున్నారు, ఎందుకు అన్నది వివరిస్తూ సిద్ధాంత గ్రంథంలోని పద్ధతుల అధ్యాయంలో రాసే పేరా. ఒడిశాలోని బరంపురం వంటి నగరంలో కళాశాల విద్యార్థులపై చేసే సర్వేలకూ ఇది అవసరమే.

చరిత్ర

1895లో నార్వే గణాంకవేత్త కియర్, అందరినీ లెక్కించకుండా కొందరిని మాత్రమే పరిశీలించినా చాలునని ప్రతిపాదించాడు. ఆ కొందరిని పరిశోధకుడు తన విచక్షణతో ఎంచుకోవచ్చా, లాటరీ పద్ధతినే పాటించాలా అన్న వాదం చాలాకాలం సాగింది. యాదృచ్ఛిక ఎంపిక ఉంటేనే పొరపాటు ఎంతమేరకో లెక్కకట్టగలమని 1934లో నెయ్‌మన్ చూపాడు. భారతదేశంలో మహలనోబిస్ బెంగాల్ జనపనార పంట సర్వేలతో ఈ పద్ధతికి పునాది వేశాడు. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది.

సిద్ధాంత గ్రంథాల్లో తరచు కనిపించే 384 అనే సంఖ్య n = z²p(1−p)/e² సూత్రం నుంచి వచ్చింది. 95 శాతం విశ్వాస స్థాయికి z విలువ 1.96. p తెలియనప్పుడు 0.5 తీసుకుంటే నమూనా అత్యధికంగా వస్తుంది. 5 శాతం పొరపాటును అనుమతిస్తే జవాబు 384. క్రెజ్సీ, మోర్గన్ 1970లో దీన్ని జనాభాల వారీగా పట్టిక చేశారు. అందులో 10,000 మందికి 370 సరిపోతుంది.

బరంపురంలో అన్వయం

నగరంలో 10,000 మంది విద్యార్థులున్నారని ఉదాహరణకు అనుకుందాం. 370 అన్నది అందరి పేర్లూ ఒకే జాబితాలో ఉండి, చీటీలు తీసినట్టు ఎంచినప్పుడే చెల్లుతుంది. అలాంటి జాబితా దొరకదు. 1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలలతో సరిపెడితే, ఇప్పుడు వేరే విశ్వవిద్యాలయంగా ఉన్న ఖల్లికోట విద్యార్థులు జారిపోతారు. అందుకే ముందు అన్ని సంస్థల పేర్లూ రాసి, ప్రభుత్వ, ప్రైవేటు శ్రేణులుగా విడదీసి, ఒక్కో శ్రేణి నుంచి తరగతులను లాటరీ వేసి ఎంచుతారు.

ఒకే తరగతి పిల్లల జవాబులు కొంత పోలి ఉంటాయి కనుక ఒక్కొక్కరూ ఇచ్చే కొత్త సమాచారం తగ్గుతుంది. తరగతికి 20 మందిని తీసుకుని, ఆ పోలిక కొలత 0.05 అనుకుంటే నమూనాను 1 + 19 × 0.05, అంటే 1.95 రెట్లు పెంచాలి. 370 కాస్తా 722 అవుతుంది. పది శాతం మంది జవాబివ్వరనుకుంటే 803 మందిని అడగాలి.

లోపాలు

పట్టికలోని సంఖ్యను ఉటంకించి, క్యాంటీన్ దగ్గర కనిపించినవారికి ప్రశ్నావళి పంచడం తరచు జరిగే పొరపాటు. ఎంపికలోని పక్షపాతాన్ని సంఖ్య సరిచేయలేదు. ఎవరు ఎంచారో, ఎంతమంది నిరాకరించారో రాయని పేరాలో ఇది బయటపడుతుంది. నగరంలో ఒడియాతోపాటు తెలుగు మాట్లాడే కుటుంబాలూ ఉన్నాయి. ప్రశ్నావళి ఒక్క భాషలోనే ఉంటే జవాబివ్వనివారు ఒకే వర్గంలో పోగుపడే ప్రమాదం ఉంది. అప్పుడు 803 మందిని అడిగినా ఆ వర్గం అభిప్రాయం ఫలితంలో తక్కువగానే కనిపిస్తుంది.