చలిలో ఫోన్ ఎందుకు ఆగిపోతుంది? ఛార్జింగ్ ఉన్నా బ్యాటరీ మొరాయించడానికి కారణాలివీ

జనవరిలో లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు గడ్డకట్టి ఉంటుంది. ఒడ్డున నిలబడిన పర్యాటకుడు ఫోన్ బయటకు తీస్తాడు. ఛార్జింగ్ 34 శాతం ఉన్నట్లు తెర చెబుతుంది. రెండు మూడు ఫొటోలు తీసి, వీడియో మొదలుపెట్టగానే ఫోన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేయబోతే ఖాళీ బ్యాటరీ గుర్తు కనిపించి ఆరిపోతుంది. బసకు చేరి వెచ్చని గదిలో కొంతసేపు ఉంచాక, ఛార్జర్ పెట్టకుండానే అదే ఫోన్ మళ్లీ పనిచేస్తుంది. తెరపై ఛార్జింగ్ 30 శాతానికి అటూఇటుగా కనిపిస్తుంది.

అంటే ఆ 30 శాతం విద్యుత్తు ఎక్కడికీ పోలేదు. చలిలో దాన్ని కావలసినంత వేగంగా బయటకు ఇవ్వడం బ్యాటరీకి సాధ్యం కాలేదు. శీతాకాలంలో పేరుకున్న నెయ్యి సీసాను వంచితే ఏమవుతుందో తెలిసిందే. సీసాలో నెయ్యి ఎంత ఉందన్నది ఒక ప్రశ్న, అది ఎంత ధారగా జారుతుందన్నది మరో ప్రశ్న. తెరపై కనిపించే శాతం మొదటి ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఫోన్ ఆగుతుందా, నడుస్తుందా అనేది రెండో దానిపై ఆధారపడి ఉంటుంది.

ఫోన్లలోని లిథియం అయాన్ బ్యాటరీలో ఒకవైపు గ్రాఫైట్ పొర, మరోవైపు లిథియం కలిసిన లోహ ఆక్సైడు పొర ఉంటాయి. రెండింటి మధ్య ఎలక్ట్రోలైట్ అనే ద్రవం ఉంటుంది. ఫోన్ వాడుతున్నప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్‌ను వీడి, ఈ ద్రవం గుండా ఈది, ఆక్సైడు పొరలోకి చేరతాయి. సరిగ్గా అదే వేగంతో ఎలక్ట్రాన్లు బయటి తీగల గుండా ప్రవహించి ఫోన్‌ను నడిపిస్తాయి. కాబట్టి లోపల అయాన్ల నడక మందగిస్తే బయట విద్యుత్తు కూడా మందగించక తప్పదు.

చలి ఈ ప్రయాణంలో రెండు చోట్ల అడ్డుపడుతుంది. ఒకటి, ద్రవం చిక్కబడుతుంది. ఎలక్ట్రోలైట్‌లో ప్రధానంగా వాడే ఇథిలీన్ కార్బొనేట్ స్వచ్ఛంగా ఉంటే దాదాపు 36 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది. అందుకే పలుచని ద్రావకాలు కలిపి దాన్ని ద్రవరూపంలో నిలుపుతారు. ఆ మిశ్రమం మామూలు చలికి గడ్డకట్టదు కానీ, ఉష్ణోగ్రత పడిపోయేకొద్దీ అయాన్లకు అందులో కదలిక కష్టమవుతుంది. రెండో అడ్డంకి మరింత బలమైనది. ద్రవంలో ఉన్నప్పుడు ప్రతి లిథియం అయాన్‌ను ద్రావకపు అణువులు చుట్టుముట్టి ఉంటాయి. ఆక్సైడు పొరలోకి ప్రవేశించాలంటే ఆ కవచాన్ని వదిలించుకోవాలి. అందుకు శక్తి కావాలి. ఉష్ణోగ్రత తగ్గితే ఆ శక్తి ఉన్న అయాన్ల వాటా చాలా వేగంగా పడిపోతుంది. అందువల్ల గుమ్మం దగ్గరే రద్దీ ఏర్పడుతుంది.

ఈ అడ్డంకులన్నింటినీ కలిపి ఇంజినీర్లు అంతర్గత నిరోధం అంటారు. పాంగాంగ్ ఒడ్డున జరిగింది దీని లెక్కతోనే అర్థమవుతుంది. కింది అంకెలు ఫోన్‌ను బట్టి మారతాయి, ఇక్కడ ఉదాహరణకే తీసుకున్నాం. 34 శాతం దగ్గర విశ్రాంతిలో ఉన్న బ్యాటరీ వోల్టేజీ 3.75 వోల్టులు అనుకుందాం. వోల్టేజీ 3.3 కంటే దిగితే ఫోన్ తనంతట తాను ఆగిపోయేలా అమర్చి ఉందనుకుందాం. గది వేడిలో అంతర్గత నిరోధం 0.1 ఓమ్. కెమెరా, ప్రాసెసర్, తెర కలిసి ఒక్క క్షణం 2 ఆంపియర్లు లాగితే, నిరోధాన్ని విద్యుత్ ప్రవాహంతో గుణించగా 0.2 వోల్టుల తగ్గుదల వస్తుంది. మిగిలేది 3.55. ఫోన్‌కు ఏ ఇబ్బందీ లేదు. మైనస్ 10 డిగ్రీల చలిలో అదే నిరోధం 0.3 ఓమ్‌కు పెరిగిందనుకుంటే తగ్గుదల 0.6 వోల్టులు. మిగిలేది 3.15. అది హద్దు కంటే దిగువే కాబట్టి ఫోన్ ఆగిపోతుంది.

అదే చలిలో సందేశం చదువుకుంటూ 0.4 ఆంపియర్లు మాత్రమే వాడితే వోల్టేజీ 3.63 దగ్గర నిలుస్తుంది. చలిలో అప్పటిదాకా సవ్యంగా నడిచిన ఫోన్ కెమెరా తెరవగానే ఆరిపోవడానికి కారణం ఇదే. దాదాపు నిండుగా ఉన్న బ్యాటరీ వోల్టేజీ 4 వోల్టులకు పైనే ఉంటుంది కనుక 0.6 తగ్గినా తట్టుకోగలదు.

మరి తెరపై శాతం అబద్ధమా? కాదు. బ్యాటరీలోకి వచ్చిన, అందులోంచి పోయిన విద్యుత్తును ఫోన్‌లోని ఒక చిప్ నిరంతరం లెక్కిస్తూ, వోల్టేజీతో సరిచూసుకుంటుంది. అది నిల్వ ఎంత ఉందో చెప్పే అంచనా. ఆగిపోయే నిర్ణయం మాత్రం ఆ క్షణపు వోల్టేజీదే. కొన్ని ఫోన్లు చలిని లెక్కలోకి తీసుకుని శాతాన్ని గబగబా తగ్గించి చూపుతాయి. వినియోగదారులకు అది బ్యాటరీ లోపంలా కనిపిస్తుంది కానీ, నిజానికి అదే ఎక్కువ నిజాయితీ గల అంకె.

బ్యాటరీ పాతబడినా అంతర్గత నిరోధం పెరుగుతుంది. పై లెక్కలో 0.1 ఓమ్ ఉన్నచోట పాత బ్యాటరీకి 0.2 ఓమ్ వేసుకుంటే, గది వేడిలోనే వోల్టేజీ 3.35కు దిగి, హద్దు అంచున ఊగుతుంది. కొద్దిపాటి చలి చాలు, అది కింద పడుతుంది. పాత ఐఫోన్లు ఇలా ఆగిపోకుండా ఉండేందుకు ఆపిల్ సంస్థ 2017 జనవరిలో ఒక సాఫ్ట్‌వేర్ మార్పు విడుదల చేసింది. ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు లాగకుండా దాని వేగాన్ని అదుపు చేయడం ఆ మార్పు ఉద్దేశం. సాంకేతికంగా పరిష్కారం సబబే. కానీ వినియోగదారులకు స్పష్టంగా చెప్పకుండా వేగం తగ్గించడం వివాదమై, ఆ సంస్థ అదే ఏడాది డిసెంబరులో క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

తెలుగు రాష్ట్రాల పాఠకులకు ఇక్కడొక ఉపయోగకరమైన గుర్తు ఉంది. ఆపిల్ తన ఫోన్ల వాడకానికి సూచించే ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో శీతాకాలపు ఉదయం 8 డిగ్రీల చలికి ఫోన్ ఆగిపోతే, నేరం చలిది కాదు, చాలావరకు అరిగిన బ్యాటరీది. గది వేడిలోనూ 20, 30 శాతం దగ్గర ఆగిపోతుంటే ఇక అనుమానం అక్కర్లేదు, బ్యాటరీ మార్పించుకోవాలి. లేహ్‌లోనో, షికాగో శీతాకాలంలోనో మాత్రమే ఆగి, వెచ్చబడగానే కోలుకుంటే అది చలి ప్రభావమే. దానివల్ల సాధారణంగా శాశ్వత నష్టం ఉండదు.

శాశ్వత నష్టం జరిగేది గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ పెట్టినప్పుడు. అప్పుడు అయాన్లు గ్రాఫైట్ లోపలికి సరిపడా వేగంగా చొరబడలేక, దాని ఉపరితలంపైనే లోహపు లిథియంగా పేరుకుంటాయి. అందులో కొంత మళ్లీ వినియోగంలోకి రాదు. ఆ మేరకు బ్యాటరీ సామర్థ్యం తరిగిపోతుంది. పేరుకున్న లోహం సూదుల్లా పెరిగితే లోపల షార్ట్ సర్క్యూట్‌కూ దారితీయవచ్చు. అందుకే చాలా ఫోన్లు 0 డిగ్రీలకు దిగువన ఛార్జింగ్‌ను ఆపేస్తాయి లేదా బాగా నెమ్మదింపజేస్తాయి. ఛార్జింగ్ ఎక్కడం లేదని కేబుల్ మార్చే ముందు ఫోన్‌ను వెచ్చబడనివ్వాలి.

చలి ప్రాంతాలకు వెళ్లేవారు ఫోన్‌ను కోటు పైజేబులో కాకుండా ఒంటికి దగ్గరగా, లోపలి జేబులో ఉంచుకోవాలి. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ టవర్‌ను అందుకోవడానికి ఎక్కువ విద్యుత్తు లాగుతుంది కాబట్టి, కెమెరా తెరిచే ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టడం మేలు. పవర్ బ్యాంకులోనూ ఉండేది లిథియం బ్యాటరీయే కనుక దాన్నీ అలాగే వెచ్చగా దాచాలి. ఆగిన ఫోన్‌ను హీటర్ మీదో, వేడి గాలి కిందో పెట్టకూడదు. చల్లని ఫోన్‌పై గదిలోని తేమ నీటిబిందువులుగా పేరుకుంటుంది కాబట్టి, దాన్ని మూత బిగించే ప్లాస్టిక్ సంచిలో వేసి మెల్లగా గది వేడికి రానిచ్చి, ఆ తర్వాతే ఛార్జర్ తగిలించాలి.