గడువులో మూడొంతులు ఎవరివి?

నవంబరు వచ్చిందంటే పుట్టపర్తి కిరాణా కొట్లలో సరుకు పెద్ద ఎత్తున దిగుతుంది. 23న సత్యసాయి జయంతి. ఆ సందడి తగ్గాక అమ్మకం మందగిస్తుంది. మిగిలిన పెట్టెలు అల్మారాలోనే ఉండిపోతాయి. పైగా ఆ తరువాత కొన్ని నెలలకే ఎండలు. అందుకే ఇక్కడి వ్యాపారి ధర ఒక్కటే అడిగితే చాలదు, “సరుకు నా కొట్టుకు చేరేనాటికి గడువు ఎంత మిగిలి ఉంటుంది?” అని కూడా అడగాలి.

ఈ ప్రశ్నను ముందుగా పద్ధతిగా అడిగినవాళ్లలో జపాన్ సూపర్ మార్కెట్లు ఉన్నాయి. 1990లలో అక్కడ ‘మూడో వంతు’ ఆనవాయితీ పాతుకుపోయింది. ఆరు నెలల గడువున్న సరుకును తయారీదారు మొదటి రెండు నెలల్లోపే కొట్టుకు చేర్చాలి. తరువాతి రెండు నెలలు అమ్మకానికి. చివరి రెండు నెలలు కొనుక్కున్నవాళ్ల ఇంట్లో వాడకానికి. లెక్క ముచ్చటగానే ఉంది. కానీ ఒక్క రోజు ఆలస్యమైనా మంచి తిండి వెనక్కి పోయేది. చివరికి 2012 నుంచి ప్రభుత్వమే ముందుకొచ్చి, ఆ మూడో వంతును సగానికి సడలించమని నచ్చజెప్పాల్సి వచ్చింది.

మన దేశంలో మిగిలిన గడువు లెక్క సరిహద్దు దగ్గర మొదలైంది. 2001 ఏప్రిల్‌లో దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు ఎత్తేశారు. అదే ఏడాది జులైలో, విదేశీ ఆహారం ఇక్కడికి చేరేనాటికి అసలు గడువులో 60 శాతమైనా మిగిలి ఉండాలని షరతు పెట్టారు. 2017 నియమాల్లో అది ‘60 శాతం లేదా మూడు నెలలు, ఏది తక్కువైతే అది’ అయింది. ఏడాది నిలిచే సరుకుకు 60 శాతమంటే ఏడు నెలలకు పైనే. కొత్త మాటతో మూడు నెలలుంటే చాలు. దిగుమతిదారుకు ఊపిరి ఆడింది, కొట్టువాడికి మాత్రం కాదు. ఆన్‌లైన్ అమ్మకాలకు ఇంకో లెక్క ఉంది: కొన్నవాడి చేతికి అందేసరికి 30 శాతం లేదా 45 రోజులు.

ఊళ్లో డిస్ట్రిబ్యూటరుకూ కొట్టుకూ మధ్య మాత్రం ఇలాంటి చట్టం లేదు. ఉన్నదల్లా ఒప్పందమే. 180 రోజుల బిస్కెట్టుకు 60 శాతం అడిగారనుకుందాం. అంటే 108 రోజులు మిగిలుండాలి. సెప్టెంబరు 1న తయారైంది నవంబరు 10న దిగితే వయసు 70 రోజులు, మిగిలింది 110. తీసుకోవచ్చు. ఆగస్టు 20 నాటిదైతే మిగిలింది 98 రోజులే, వాపసు. పెట్టె మీద తేదీ చూసి ఊరుకోకూడదు. ఒకే లోడులో రెండు మూడు బ్యాచ్‌లు కలుస్తుంటాయి కాబట్టి, లోపలి ప్యాకెట్లు తీసి బ్యాచ్ నంబరు, తేదీ చూడాలి. డ్రైవరు వెళ్లకముందే చలానా మీద రాసి సంతకం పెట్టించుకోవాలి. తరువాత ఫోనులో చెబితే అది వాదన అవుతుంది గానీ లెక్క కాదు.

చిన్న కొట్టు అడిగితే డిస్ట్రిబ్యూటరు వింటాడా అంటే, ప్రతిసారీ వినడు. జయంతి ఆర్డరు పెద్దది కాబట్టి అప్పుడే అడగండి. అది కూడా 60 శాతం దగ్గర పట్టుబట్టకుండా, మీ అమ్మకం వేగానికి సరిపడే రోజుల లెక్కతో.