లెక్క ఆపిన పదిహేను నెలలు

(సంఘ స్వర్ణోత్సవ కృతజ్ఞతారాధనలో చేసిన ప్రసంగం. వాక్యభాగాలు: 1 సమూయేలు 7:5–12, 1 కొరింథీయులకు 1:26–29)



వార్షికోత్సవం వచ్చిందంటే సమూయేలు నిలబెట్టిన రాయి మీద ప్రసంగం చేయడం మన సంఘాల్లో ఆనవాయితీ. నేనూ అదే వాక్యం తీసుకున్నాను. అయితే ఈసారి ఏడో అధ్యాయం ఒక్కటే చదివి బైబిలు మూసేయకండి, మూడు అధ్యాయాలు వెనక్కి తిప్పండి. ఎబెనెజరు అనే పేరు మొదట కనబడేది నాలుగో అధ్యాయంలో. ఇశ్రాయేలీయులు ఎబెనెజరు దగ్గర దిగారు, ఫిలిష్తీయుల చేతిలో చిత్తుగా ఓడారు. మందసం పోయింది. ఏలీ కొడుకులిద్దరూ చచ్చారు. ఆ కబురు విని ముసలి ఏలీ పీఠం మీద నుంచి వెనక్కి పడి ప్రాణం విడిచాడు. మందసం తిరిగొచ్చాక కూడా జనం ఇరవై ఏళ్లు ఏడుస్తూనే ఉన్నారు. ఓటమిలో విన్న ఆ పేరునే సమూయేలు గెలుపు రాయికి పెట్టాడు. ప్రభువు ఇంతవరకు సాయం చేశాడని చెప్పినప్పుడు ఓడిపోయిన రోజును లెక్కలోంచి తీసేయలేదు.

మనమూ ఈ రోజు అలాగే లెక్క చూసుకుందాం. మన సంఘం వయసు యాభై ఏళ్లు. మన వేరు మాత్రం అంతకంటే పాతది. ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘాలన్నిటికీ ఉన్న వేరే అది.

1836లో సామ్యూల్ డే దొర విశాఖపట్నంలో దిగాడు. 1840లో నెల్లూరు చేరాడు. పన్నెండు పదమూడేళ్లు గడిచినా చూపించడానికి పెద్దగా ఫలం లేదు. అమెరికాలో ఉన్న మిషను వారు 1853లో ఆల్బనీ నగరంలో కూర్చుని, ఈ తెలుగు మిషను ఉంచాలా, మూసేయాలా అని చర్చించారు. వారి పటం మీద తెలుగు ప్రాంతంలో ఉన్నది నెల్లూరు ఒక్కటే. అందుకే దీనికి ‘లోన్ స్టార్’, ఒంటరి నక్షత్రం అనే పేరు పడింది. ఆ రోజు మూతపడలేదు. 1862లో మళ్లీ అదే ప్రశ్న లేచింది. అప్పుడు సెలవు మీద ఇంటికి వెళ్లి ఉన్న జూవెట్ దొర, మిషను పంపినా పంపకపోయినా నెల్లూరుకు తిరిగి వెళ్తానని, అక్కడే బ్రతికి అక్కడే చస్తానని పట్టుబట్టాడు. అప్పుడూ మూతపడలేదు.

ఈ రెండు చర్చల నడుమ 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కారు. జూవెట్ దంపతులు, వారితో ముగ్గురు తెలుగు విశ్వాసులు. ఆ ముగ్గురిలో నెల్లూరు జూలియమ్మ ఉంది. కింద ఊరు నిద్రపోతోంది. అక్కడ సంఘం లేదు, బంగళా లేదు, బడి లేదు. అయినా ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించి దిగారు. పన్నెండేళ్ల తర్వాత 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. మన లెక్క ఎనిమిదితో మొదలైంది.

ఆ ఎనిమిది ఎలా పెరిగిందో చెప్పేటప్పుడు మనం తరచు దొరల పేర్లతోనే ఆపేస్తాం. యర్రగుంట్ల పేరయ్య పేరు చెప్పకుండా ఈ కథ లేదు. తాళ్లకొండపాడుకు చెందిన మాదిగాయన, తోళ్ల వ్యాపారి. అంతకు ముందే రాజయోగ మార్గంలో గురువుల దగ్గర ఉపదేశం పొందిన మనిషి, దేవుడి కోసం ఏళ్ల తరబడి వెతికినవాడు. భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకుని ఊరికి తిరిగొచ్చి, తన చుట్టాలు ఉన్న పల్లెలన్నీ తిరిగి చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ దొర తాళ్లకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల పల్లెల జనం అన్నం మూటలతో వచ్చి చింతతోపులో దిగి ఉన్నారు. అక్కడ ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు.

ఆ రోజుల్లో బాప్తిస్మానికి ముందు వారు ఒప్పుకోవలసినవి మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహానికి మొక్కకూడదు. వినడానికి చిన్న మాటలు. కానీ ఊరి కట్టుబాటు మొత్తం ఈ మూడింటి మీదే నడిచేది. ఊళ్లో జాతర అయితే డప్పు కొట్టాల్సింది మాదిగవాడే. రైతు పొలం పనికి, మోట బావికి తోలు బాన కుట్టడానికి పిలిస్తే ఆదివారమని చూడకుండా పోవాల్సిందీ అతనే. చచ్చిన గొడ్డు అతనికి ఇచ్చే కూలిలో భాగం. జాతరకు డప్పు కొట్టనంటే నీళ్లు బంద్, పని బంద్, గింజలు బంద్. మన పెద్దలు ఆ మూడు మాటలకు కట్టిన ధర అది.

వారిని రానిచ్చినందుకు మిషనుకూ ఒక ధర పడింది. మాదిగలు రాకముందు ఒంగోలులో పై కులాల వారు కొందరు ఆసక్తి చూపారు, తమ పిల్లల్ని మిషను బడికి పంపారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం ఉండమన్నారు. పేరు, పలుకుబడి కావాలంటే ఏం చేయాలో ఎవరికైనా తెలుస్తుంది. క్లౌ దొర ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో ఎవరికి వారు బైబిలు తెరిస్తే ఇద్దరి కళ్లూ ఒకే చోట పడ్డాయని ఆయన జీవితకథ చెబుతుంది. అదే ఇవాళ మనం చదువుకున్న కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం. లోకం తెలివిగలవారిని, గొప్పవారిని కాదు, ఎన్నిక లేనివారిని దేవుడు ఎన్నుకున్నాడన్న మాట. పై కులాల పిల్లలు వెళ్లిపోయారు. పేరయ్య వారు ఉన్నారు. మనం ఉన్నాం.

ఇప్పుడు ధాత కరువు దగ్గరకు వస్తాను. 1876లో వానలు ఎగ్గొట్టాయి. తర్వాతి రెండేళ్లు ఈ జిల్లా చూసిన చావులు మన ముత్తాతల నోట విన్నవే. జనానికి పని కల్పించడానికి క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. కూలీల గుంపులకు తెలుగు బోధకులే మేస్త్రీలు. పగలు తట్ట, పార. విరామ వేళల్లో, రాత్రుళ్లలో గుంపు మధ్య కూర్చుని, ప్రయాసపడి భారం మోస్తున్నవారిని రమ్మని యేసు పిలిచిన పిలుపు గురించి చెప్పేవారు. విన్నవాళ్లు బాప్తిస్మం అడిగారు. వందల్లో అడిగారు.

ఆయన ఇవ్వలేదు. పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు.

సంఘ పెద్దలారా, ఇక్కడ కాస్త ఆగండి. మిషను చేతిలో కూలి డబ్బుంది, ముందర ఆకలిగొన్న జనం ఉంది, వెనక అమెరికాలో ఫలం ఏదని రెండుసార్లు అడిగిన మిషను ఉంది. లెక్క పెంచుకోవాలంటే అంతకంటే సులువైన సమయం దొరకదు. కానీ గింజల కోసం వచ్చినవాడెవడో, ప్రభువు కోసం వచ్చినవాడెవడో ఆకలి కడుపు ముందు నిలబడి ఎవరూ తేల్చలేరు. వచ్చినవాడికే అది తెలియకపోవచ్చు. అందుకే సాయం నడుస్తున్నంత కాలం రిజిస్టరు మూసి ఉంచారు. కూలి అందరికీ, బాప్తిస్మం ఎవరికీ కాదు.

1878 నడిమికి సాయం ముగిసింది. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో కలుద్దామని ఆయన బోధకులకు కబురు పంపాడు. కొత్తవాళ్లను వెంటబెట్టుకు రావద్దనీ చెప్పాడు. అయినా జనం పోటెత్తారు. ఇక మీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని చెబితే, మేం అడగడానికి రాలేదన్నారు. అప్పుడు తోపులో ఊరివారీగా కూర్చోబెట్టి, ఆ ఊరి బోధకుడు ఎరిగి సాక్ష్యమిచ్చిన వారి పేర్లే రాసుకున్నారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. ఏట్లో దిగినవాళ్లు అభిషేకం పొందిన తెలుగు బోధకులు ఆరుగురు. ఒకసారికి ఇద్దరు, వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు. క్లౌ దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, ఒడ్డున నిలబడి చూశాడు.

మనం పండుగకొకసారి 2,222 అని చెప్పుకుని సంతోషిస్తాం. ఆ అంకెను నమ్మదగినదిగా చేసింది దాని ముందున్న సున్నా. ఆ పదిహేను నెలల సున్నా లేకపోతే అది కరువు లెక్కే అయ్యేది. మరో సంగతీ దాచను. ఒక్కసారిగా అంత మంది వచ్చేసరికి పల్లెపల్లెకూ బోధకుడు, బడిపంతులు చాలలేదు. చదువు చెప్పి నిలబెట్టే మనిషి దొరకని పల్లెల్లో విశ్వాసం సన్నగిల్లింది. పెద్ద అంకె దానంతటదే సంఘం కాదని మన చరిత్రే చెప్పింది.

ఇక మన సంగతి. మనం చిన్న సంఘం. ఆదివారం వెనక వరుస కుర్చీలు మడిచే ఉంటాయి. చదువుకున్న పిల్లలు హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయారు. కానుకల్లో కాపరి జీతం వెళ్లడమే కష్టం. దీనికి తోడు మనం బయట మాట్లాడని ఒక లెక్క ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదా. క్రైస్తవుడని రాసుకుంటే మన రాష్ట్రంలో బీసీ-సి. పేరయ్య ఇంటి అంటరానితనం బాప్తిస్మంతో పోలేదు, సర్టిఫికెట్ మాత్రం పోయింది. దీని మీద 2004 నుంచి సుప్రీంకోర్టులో పిటిషన్లు ఉన్నాయి. అందుకే మన ఆరాధనకు వచ్చి పాడి, ప్రార్థించి, రిజిస్టరులో సంతకం దగ్గర ఆగిపోయే బిడ్డలున్నారు. ఉద్యోగం పోతుందన్న భయంతో ఆగిన బిడ్డను నేను వేలెత్తి చూపను. ఆ ధర వారి ముందు పెట్టింది మనం కాదు, వారూ కాదు.

కాబట్టి ముందుకు వెళ్లడానికి ధైర్యం కావాలంటే దేనికి కావాలో చెబుతాను. మొదటిది, చిన్నగా ఉండటానికి. ఇన్ని పేర్లు చూపిస్తే ఇంత సాయమని ఎవరైనా వస్తే, పదిహేను నెలలు రిజిస్టరు మూసినవారి పిల్లలమని గుర్తుంచుకోండి. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టండి, పేరు అడగకుండా పెట్టండి. రెండోది, తలుపు విషయం. పేరయ్యను రానిచ్చినందుకు కొందరు వెళ్లిపోయినా లెక్కచేయని సంఘంలో, ఇవాళ మాల, మాదిగ అని కుర్చీలు, కమిటీలు, సమాధుల స్థలాలు పంచుకుంటే కొరింథీ పత్రిక మనమీదే తీర్పు చెబుతుంది. మూడోది, మన కాపరి జీతం మనమే ఇవ్వడం. వెల్లంపల్లిలో నీళ్లలో దిగిన చేతులు తెలుగు చేతులు. ఆ పని కొనసాగించే బాధ్యత ఇంకొకరి మీద వేయలేం.

చివరగా మన స్వర్ణోత్సవ సంచిక గురించి. దీని వెనక పేజీల్లో మన యాభై ఏళ్ల చరిత్ర రాశారు. వచ్చే సంచికకు ఓడిన ఏళ్లూ రాయండి: కాపరి లేని ఏళ్లు, చీలిపోయిన ఏళ్లు, కానుక సంచి ఖాళీగా తిరిగొచ్చిన ఆదివారాలు. పెద్దలు ఇంకా మనతో ఉండగానే వారి నోటి నుంచి వినండి. సమూయేలు తన రాయిని అలాంటి ఏళ్ల తర్వాతే నిలబెట్టాడు. మనం కూడా అక్కడి నుంచే లెక్క మొదలుపెట్టి, రేపటి పని చేద్దాం.

ఆమేన్.