గురి నేర్పడం, సాయం మానడం: మేధో వైకల్యం ఉన్న పిల్లల వ్యాయామ బోధనపై పరిశీలన

బాపట్ల జిల్లా నిజాంపట్నం మండలంలోని అడవులదీవి వంటి తీర గ్రామాల్లో మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ఆటలు నేర్పాలంటే ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. ఇసుక నేల మీద బంతి సరిగా దొర్లదు కాబట్టి చింతపిక్కలు నింపిన చిన్న గుడ్డసంచి, వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ టబ్బు చాలు. సంచిని టబ్బులో వేయడమనే ఒక్క నైపుణ్యాన్నే ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చూసేవారికి ఇది ఒకే పని. నేర్చుకునే బిడ్డకు మాత్రం నాలుగు పనులు: గీత మీద నిలబడాలి, సంచి పట్టుకోవాలి, చేయి వెనక్కి తీయాలి, ముందుకు ఊపి వదలాలి. ఎక్కువమంది తడబడేది వదిలే క్షణంలోనే. ఆలస్యంగా వదిలితే సంచి పైకి లేస్తుంది, తొందరగా వదిలితే కాళ్ల దగ్గరే పడుతుంది. కాబట్టి సంచి ఎక్కడ పడిందో చూస్తే లోపం ఏ మెట్టులో ఉందో తెలిసిపోతుంది.

పదేళ్ల బాలుడొకడు ఈ ఆట మొదలుపెట్టాడనుకుందాం. టీచర్ ముందు తాను వేసి చూపించి, "సంచి వెయ్యి" అని ఒక్కసారే చెప్పాలి. తర్వాత మనసులో అయిదు లెక్కపెడుతూ ఆగాలి. చాలా తరగతుల్లో ఈ ఆగడమే జరగదు. బిడ్డ మాటను అర్థం చేసుకునేలోపే రెండో మాట, మూడో మాట వచ్చి పడతాయి. అయిదు లెక్కపెట్టాక కూడా కదలకపోతే టబ్బు వైపు చేయి చూపాలి. అదీ చాలకపోతేనే మోచేయి పట్టి ఊపించాలి.

టబ్బును మొదట ఒక మీటరు దూరంలో పెట్టాలి. అయిదేసి చొప్పున రెండు విడతలు వేయించి, పదిలో ఎనిమిది పడితే మర్నాడు ఒక అడుగు వెనక్కి జరపాలి. అయిదు కంటే తక్కువ పడితే దగ్గరకు తేవాలి. ఈ అంకెలు శాస్త్రం విధించిన హద్దులు కావు, తరగతిలో వాడుకోవడానికి వీలైన కొలతలు. బిడ్డ వరుసగా ఓడిపోతూ ఆట వదిలేయకుండా చూడటమే వీటి ఉద్దేశం.

పడిన సంచులను మాత్రమే లెక్కపెట్టే పద్ధతి మోసపుచ్చుతుంది. మోచేయి పట్టి వేయించిన పదీ టబ్బులో పడవచ్చు, అయినా బిడ్డ ఏమీ నేర్చుకోకపోవచ్చు. అందుకే ప్రతి విసురు పక్కన ఏ సాయం అందిందో రాయాలి: పట్టించామా, చూపించామా, చెప్పామా, ఏమీ చేయలేదా. విసిరే ముందు బిడ్డ ప్రతిసారీ టీచర్ ముఖం వైపే చూస్తుంటే సాయం అలవాటుగా మారిందని గుర్తు. అప్పుడు దూరం పెంచకుండా ముందు సాయం తగ్గించాలి. వారం తర్వాత, ఏ సూచనా లేకుండా వేయగలిగితేనే నేర్చుకున్నట్టు.

ఇతర వ్యాయామాలు చేయించేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లల్లో మెడపైభాగపు కీలు వదులుగా ఉంటుంది. కాబట్టి డాక్టరు చూసి సరేననే వరకు వారి చేత పిల్లిమొగ్గలు వేయించకూడదు. మెడ నొప్పి, నడకలో కొత్తగా మార్పు, చేతుల్లో బలహీనత కనిపిస్తే ఆట ఆపి ఆస్పత్రికి పంపాలి. సంచి ఆటలో మెడ మీద అలాంటి ఒత్తిడి ఉండదు.

సంచి వేయడం నిలకడగా వచ్చాక టబ్బు మార్చాలి, తర్వాత చోటు, ఆపైన నేర్పే మనిషి. మూడూ ఒకేసారి మారిస్తే బిడ్డ దేని దగ్గర తడబడ్డాడో తెలియదు. ఇంట్లో అమ్మ వేయించేటప్పుడు కూడా అదే మాట, అదే ఆగడం ఉండాలి.