వెడల్పు మారని నల్ల చార

1954 మే 22 నాటి 'నేచర్' పత్రికలో రెండు చిన్న వ్యాసాలు పక్కపక్కనే వచ్చాయి. రెంటిలోనూ ఓ హక్స్‌లీ ఉన్నాడు. కేంబ్రిడ్జిలో ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కెతో కలిసి ఒకటి రాశాడు. అమెరికాలో ఎంఐటీలో పనిచేసిన హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌తో కలిసి రెండోది రాశాడు. ఇంటిపేరు ఒకటేగానీ ఇద్దరికీ చుట్టరికం లేదు. కండరం ఎలా కుదించుకుంటుందన్న ప్రశ్నకు మాత్రం ఇద్దరూ ఒకే జవాబు చెప్పారు.

ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో కండరాన్ని నిలువుగా కోసిన స్లైడు చూసినవాళ్ళకి ఈ కథలో పాత్రలు తెలిసినవే. పొడవాటి పోగులు, అంచులకు ఒత్తుకుని ఉన్న కేంద్రకాలు, అడ్డంగా నలుపు తెలుపు చారలు. నల్లది ఎ బ్యాండ్, తెల్లది ఐ బ్యాండ్. తెల్లచార నడుమ సన్నటి జెడ్ గీత. ఒక జెడ్ గీత నుంచి తర్వాతి జెడ్ గీత దాకా ఉన్నదే సార్కోమియర్. (ధ్రువిత కాంతిలో చూస్తే ఈ ఎ బ్యాండే మెరుస్తుంది. ఆ పేరు అక్కడిది. మామూలు కాంతిలో నల్లగా కనిపించేదానికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు తికమకపడటంలో తప్పులేదు.)

అప్పటిదాకా చాలామంది, ప్రొటీను పోగులే స్ప్రింగులా ముడుచుకుంటాయని అనుకునేవారు. అదే నిజమైతే కండరం పొట్టిదైనప్పుడు నల్లచార కూడా సన్నబడాలి. చూసి తేల్చుకోవచ్చు కదా అంటే, చూడటమే కష్టం. బతికున్న కప్ప కండరపు పోగు గుండ్రటి గాజుకడ్డీలాంటిది. కాంతిని వంచేసి చారల అంచుల్ని తప్పుగా చూపిస్తుంది. అందుకే ఆండ్రూ తనకు కావలసిన ఇంటర్‌ఫెరెన్స్ మైక్రోస్కోపును తానే తయారుచేసుకున్నాడు. హాన్సన్, హ్యూ వేరే దారి పట్టారు. గ్లిజరిన్‌లో నానబెట్టిన కుందేలు కండరాన్ని విడగొట్టి, కాంతిని వంచలేనంత సన్నటి మయోఫైబ్రిళ్ళు తీశారు. వాటికి ఏటీపీ అందించగానే అవి కుదించుకున్నాయి. రెండుచోట్లా కనిపించింది ఒకటే: తెల్లచార కరిగిపోతోంది, నల్లచార వెడల్పు మాత్రం మారడం లేదు.

హాన్సన్, హ్యూ అంతకుముందే మరో పని చేసి ఉన్నారు. గాఢమైన ఉప్పు ద్రావణంతో మయోసిన్‌ను కడిగేస్తే నల్లచారలోని నలుపే పోయింది. అంటే మందపాటి మయోసిన్ పోగులుండేది ఎ బ్యాండులోనే. సన్నటి ఆక్టిన్ పోగులు జెడ్ గీత దగ్గర మొదలై వాటి మధ్యలోకి దూరతాయి. రెండు చేతుల వేళ్ళను ఎదురెదురుగా పెట్టి ఒకదాని సందుల్లోకి ఒకటి జొనిపితే, చేతులు దగ్గరవుతాయి గానీ వేళ్ళేమీ పొట్టివి కావు. ఇదీ అలాంటిదే.

దీనికి గట్టి పరీక్ష 1966లో జరిగింది. గోర్డన్, ఆండ్రూ హక్స్‌లీ, జూలియన్ కప్ప కండరపు పోగు ఒక్కదాన్ని రకరకాల పొడవులకు సాగదీసి, దాని లాగే బలాన్ని కొలిచారు. మందపు పోగు పొడవు సుమారు 1.6 మైక్రాన్లు. రెండువైపుల సన్నపోగులు, మధ్యలో జెడ్ గీతతో కలిపి 2.05. ఈ రెండూ కూడితే 3.65. సార్కోమియర్ అంతవరకు సాగితే పోగులు ఒకదాన్నొకటి తాకవు, కాబట్టి బలం సున్నా కావాలి. సరిగ్గా అలాగే అయింది. 2.0 నుంచి 2.2 మైక్రాన్ల మధ్య బలం గరిష్ఠం. ఎందుకంటే అక్కడ మయోసిన్ తలలన్నిటికీ పట్టుకోవడానికి ఆక్టిన్ అందుతుంది. అంతకంటే పొట్టిదైతే ఎదురెదురు సన్నపోగులు ఒకదానిమీదికొకటి ఎక్కి అడ్డుపడతాయి, బలం మళ్ళీ తగ్గుతుంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఈ కూడికే.

ఇక ఆ తలల పని. విశ్రాంతిలో ట్రోపోమయోసిన్ ఆక్టిన్‌పై అడ్డంగా ఉంటుంది. నాడి సంకేతంతో విడుదలైన కాల్షియం ట్రోపోనిన్‌కు అంటుకోగానే ఆ అడ్డు తొలగుతుంది. తల ఆక్టిన్‌ను పట్టుకుంటుంది, వంగి లాగుతుంది. అది పట్టు వదలాలంటే మాత్రం కొత్త ఏటీపీ రావాలి. ఏటీపీ లాగడానికే కావాలనుకుని పరీక్షలో బోల్తాపడేవాళ్ళు చాలామంది. శవం కొన్ని గంటల్లో బిగుసుకుపోయేది ఏటీపీ అయిపోయి తలలు వదల్లేకపోవడం వల్లే.

అన్ని కండరపు పోగుల్లో తలల వేగం ఒకటి కాదు. కోడి కాలి మాంసం ముదురు రంగులో, రొమ్ము మాంసం తెల్లగా ఉండటం వంటింట్లో అందరూ చూసేదే. 1873లో రాన్వియే ఎర్ర కండరం నెమ్మదిగా, తెల్లది చురుగ్గా కుదించుకుంటాయని కుందేలులో చూపాడు. నెమ్మది పోగుల్లో మయోసిన్ ఏటీపీని నిదానంగా విడగొడుతుంది. మయోగ్లోబిన్, మైటోకాండ్రియా ఎక్కువగా ఉండటంతో అలసట ఆలస్యం. 1960లో బుల్లర్‌తో కలిసి ఎకిల్స్ తండ్రీకూతుళ్ళు పిల్లుల్లో ఈ రెండు రకాల కండరాల నాడుల్ని తారుమారు చేస్తే, కండరాల వేగాలూ మారాయి. ఏ రకమన్నది చాలావరకు నాడి చేతిలో ఉంటుందన్నమాట. హెచ్ అండ్ ఈ స్లైడులో ఈ రకాలు తేలవు, ఏటీపీఏజ్ రంజనం కావాలి.

రికార్డు పుస్తకంలో విశ్రాంతి, సంకోచం అని రెండు బొమ్మలు పక్కపక్కన గీసేటప్పుడు, ముందు ఎ బ్యాండును స్కేలుతో కొలిచి రెంటిలోనూ ఒకే వెడల్పుతో గీయండి. తగ్గించాల్సింది ఐ బ్యాండును, హెచ్ జోన్‌ను మాత్రమే.